కూడికకు లొంగని స్కోరు

2024 పారిస్ ఒలింపిక్స్. మహిళల 52 కిలోల జూడో, రెండో రౌండ్. జపాన్ అమ్మాయి ఉతా అబే టోక్యో ఒలింపిక్స్ విజేత, కొన్నేళ్లుగా ఓటమి ఎరగనిది. ప్రత్యర్థి ఉజ్బెకిస్థాన్‌కు చెందిన దియోరా కెల్దియొరోవా. ముందుగా అబే ఒక వజారీ సాధించింది. అలా ఆధిక్యంలో ఉండగానే కెల్దియొరోవా ఆమెను వెల్లకిలా విసిరేసింది. రిఫరీ చెయ్యి నిటారుగా పైకి లేచింది. అంతే, బౌట్ ముగిసింది. గడియారంలో సమయం ఇంకా ఉంది, అబే సంపాదించిన వజారీ స్కోరుబోర్డు మీదే ఉంది. రెండూ అక్కరకు రాలేదు. మ్యాట్ దిగుతూనే ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

జూడోలో ఎక్కువ పాయింట్లు పోగేసినవారు గెలుస్తారనుకుంటే ఈ ఫలితం అర్థం కాదు. ఇక్కడి స్కోర్లు మూడు మెట్లు: ఇప్పన్, వజారీ, యూకో. ఇప్పన్ పూర్తి పాయింటు, అది వచ్చిన క్షణమే ఆట సరి. వజారీ సగం, రెండు కలిస్తే ఇప్పన్. అన్నింటికన్నా చిన్నది యూకో. 2017లో దాన్ని తీసేసి, 2025లో మళ్లీ తెచ్చారు. అయితే పది యూకోలు కూడబెట్టినా ఒక్క వజారీకి సాటి రావు. వజారీలు సమానమైనప్పుడే యూకోల లెక్క చూస్తారు.

మరి ఒక్క విసురుకు అంత విలువ ఎందుకు? 1882లో టోక్యోలో జిగొరో కానో జూడోను మొదలుపెట్టింది పాత జుజుత్సు పోరాట విద్యల నుంచి. ఆ పోరాటంలో మనిషిని ఎత్తి వీపు మీద బలంగా పడేశారంటే, అదీ గట్టి నేల మీదైతే, లేచి మళ్లీ తలపడేంత సత్తువ అతనిలో మిగలదు. పోరు నిజంగానే అక్కడ ముగుస్తుంది. కింద మెత్తని మ్యాట్ పరిచి ఆ ముగింపును ఆటలో ఉంచుకున్నారు. మన కుస్తీలో చిత్తు చేయడం లాంటిదే ఇదీ. కాకపోతే కుస్తీలో భుజాలను నేలకు అదిమి పట్టాలి, జూడోలో పడే తీరే తీర్పు.

ఆ పడే తీరులో రిఫరీ నాలుగు చూస్తాడు. వీపు మీద పడ్డారా? విసురులో బలం ఉందా? వేగం ఉందా? కింద పడేదాకా విసిరినవారి పట్టు సడలకుండా ఉందా? నాలుగూ కుదిరితే ఇప్పన్. వీపుకు బదులు పక్క మీద పడితే సాధారణంగా వజారీ, అంతకన్నా తక్కువైతే యూకో. ఇక్కడే చూసేవాళ్లు తికమకపడతారు. ఒక్కోసారి మనిషి గాల్లో గిరగిరా తిరిగి ధబీమని పడతాడు, జనం కేకలు పెడతారు, రిఫరీ మాత్రం కదలడు. కారణం, అతను గాల్లోనే ఒళ్లు తిప్పి బోర్లా పడ్డాడు. పొట్ట మీద పడితే స్కోరు లేదు. మేటి ఆటగాళ్లు పిల్లిలా ఒళ్లు తిప్పడం ప్రత్యేకంగా సాధన చేసేది ఇందుకే. అలాగని వీపు తగలకుండా తల ఆనించి వంతెనలా వంగితే కుదరదు. మెడకు ప్రమాదం కాబట్టి దాన్ని ఇప్పన్‌గానే లెక్కిస్తారు.

ఇప్పన్‌కు ఇతర దారులూ ఉన్నాయి. ప్రత్యర్థిని నేల మీద వెల్లకిలా 20 సెకన్లు అదిమి ఉంచినా, చేతికో మెడకో పట్టు బిగించి ఓటమి ఒప్పించినా ఇప్పనే. పట్టు 10 సెకన్లు దాటి సడలితే వజారీ, 5 దాటితే యూకో.

ఇక శిక్షలు. ఒక స్కోరు సాధించి మిగిలిన సమయమంతా తప్పించుకు తిరగాలని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి విరుగుడు షిడో. దాడి చేయకపోయినా, పట్టు దొరకనివ్వకపోయినా, గీత దాటినా, విసిరే ఉద్దేశం లేకుండా దాడి చేస్తున్నట్టు నటించినా షిడో పడుతుంది. మొదటి రెండూ హెచ్చరికలే, ప్రత్యర్థికి పాయింటేమీ రాదు. మూడోది పడితే ఓటమి. తల ముందుగా నేలకు దూకడం లాంటి ప్రమాదకరమైన పనికైతే మూడు దాకా ఆగరు, నేరుగా బహిష్కరిస్తారు.

నాలుగు నిమిషాల్లో స్కోర్లు సమానంగా ఉంటే గోల్డెన్ స్కోర్. దానికి కాలపరిమితి లేదు. ఎవరైనా స్కోరు సాధించేదాకా, లేదా ఎవరికైనా మూడో షిడో పడేదాకా సాగుతుంది. అదే పారిస్‌లో 57 కిలోల ఫైనల్ ఇలాగే తేలింది. కొరియాకు చెందిన హు మిమీకి నకిలీ దాడి చేసిందని మూడో షిడో వేశారు, స్వర్ణం కెనడా క్రీడాకారిణి క్రిస్టా డెగూచికి దక్కింది. ఒలింపిక్ ఫైనల్ ఒక్క విసురూ లేకుండా ముగిస్తే చప్పగానే ఉంటుంది. అయినా షిడో లేకపోతే ఆధిక్యంలో ఉన్నవాళ్లు మ్యాట్ అంచుల్లో తిరుగుతూ గడియారం చూసుకునేవాళ్లు. అప్పుడు కెల్దియొరోవాకు ఆ ఇప్పన్ అవకాశమూ దొరికేది కాదేమో. ఆమె ఆ రోజు సాయంత్రానికి ఒలింపిక్ జూడోలో ఉజ్బెకిస్థాన్ తరఫున స్వర్ణం గెలుచుకుంది.