జర్మన్‌లో ‘లో’, ‘లోకి’

జర్మన్ నేర్చుకునేవారికి మొదట్లోనే ఒక సూత్రం చెబుతారు: కదలిక ఉంటే అక్యూజటివ్, లేకపోతే డేటివ్. అది సగమే నిజం. పిల్లవాడు పార్కులో పరిగెడుతున్నాడంటే కదలిక లేదని ఎవరనగలరు? అయినా జర్మన్లు అక్కడ డేటివ్ వాడి ‘ఇమ్ పార్క్’ అంటారు. వాడే వీధిలోంచి పరుగెత్తి పార్కులోకి వెళ్తే ‘ఇన్ డేన్ పార్క్’, అంటే అక్యూజటివ్. పరుగు రెండు చోట్లా ఒకటే. గేటు దాటాడా లేదా అన్నదే ప్రశ్న. హద్దు దాటి కొత్త చోటికి చేరుతుంటే అక్యూజటివ్, ఉన్న చోట ఎంత తిరిగినా డేటివ్.

ఈ తేడా మనకు ‘లో’, ‘లోకి’ చెబుతాయి. జర్మన్‌లో ‘ఇన్’ మారదు, దాని తర్వాత వచ్చే ఆర్టికల్ మారుతుంది. పుంలింగ పదానికి ‘డేర్’ అక్యూజటివ్‌లో ‘డేన్’, డేటివ్‌లో ‘డేమ్’ అవుతుంది. ‘ఇన్ డేమ్’ కలిసి ‘ఇమ్’ అయింది.

ఇలా రెండువైపులా తిరిగేవి ముఖ్యంగా తొమ్మిది: ఇన్, అన్, ఔఫ్, ఊబర్, ఉంటర్, ఫోర్, హింటర్, నేబెన్, ట్స్విషెన్. మిగతావాటి దారి ముందే ఖాయం. ‘ఫ్యూర్’, ‘ఓనె’ ఎప్పుడూ అక్యూజటివే. ‘మిట్’, ‘త్సు’ ఎప్పుడూ డేటివే. అందుకే బడికి నడిచి వెళ్తున్నా ‘త్సుర్ షూలె’ అని డేటివ్‌లోనే అనాలి.

తెలుగు చెవిని నమ్ముకుంటే రెండు చోట్ల దెబ్బ తింటాం. మనం ‘పుస్తకం బల్ల మీద పెట్టాను’ అంటాం, ‘మీదికి’ అనం. ‘పుస్తకం బల్ల మీద ఉంది’ అన్నప్పుడూ అదే ‘మీద’. జర్మన్‌కు ఇవి వేరు. పెట్టేటప్పుడు ‘లేగెన్’ అనే క్రియ, ‘ఔఫ్ డేన్ టిష్’. పెట్టాక అక్కడ ఉంటే ‘లీగెన్’, ‘ఔఫ్ డేమ్ టిష్’. పెట్టడం, ఉండడం అనే ఈ జంట క్రియలను విడదీయకుండా నేర్చుకుంటే విభక్తి వాటితోనే వచ్చేస్తుంది.

రెండోది దీనికి తిరగబడింది. ‘రైలు స్టేషన్‌కి చేరింది’లో మనకు ‘కి’ ఉంది, కాబట్టి అక్యూజటివ్ అనిపిస్తుంది. కాని ‘అన్‌కొమ్మెన్’ క్రియకు ‘అమ్ బాన్‌హోఫ్’, డేటివ్. ప్రయాణం ఎటు సాగిందన్నది ఆ క్రియ పట్టించుకోదు, రైలు వచ్చి ఆగిన చోటునే చెబుతుంది.

చోటు అనేదే లేని వాక్యాల్లో హద్దు లెక్క పనిచేయదు. బస్సు కోసం ఎదురుచూడటం ‘ఔఫ్ డేన్ బుస్ వార్టెన్’. అక్కడ ఎవరూ బస్సు మీదికి ఎక్కడం లేదు, అయినా అక్యూజటివే. కుక్కంటే భయం అనడానికి ‘ఫోర్ డేమ్ హుండ్’, డేటివ్. వీటికి కారణం వెతకడం కంటే నిఘంటువులో ఆ పదం పక్కన ఏ విభక్తి రాసి ఉందో చూసి, పదంతోపాటే నోటికి పట్టించాలి.