పక్క సంవత్సరంలో పడిన పన్ను

విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఉద్యోగిని ఉందనుకుందాం. జీతం మీద పన్నును కంపెనీయే కోసి కట్టేస్తుంది. దానికి తోడు ఆమెకు ఒక చిన్న ఇంటి నుంచి అద్దె వస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా వచ్చిన అద్దె మీద ఆమె ఇంకా 60,000 రూపాయల పన్ను కట్టాలి. ఏడాది మధ్యలో ముందస్తు పన్ను కట్టలేదు కాబట్టి 234బి కింద 3,000, 234సి కింద 3,030 రూపాయల వడ్డీ కలిసింది. మొత్తం 66,030 రూపాయలు. 2025 ఆగస్టు 20న ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి కట్టేసింది. డబ్బు ఖాతాలోంచి పోయింది, రసీదు వచ్చింది. అదే రోజు రిటర్ను కూడా వేసింది.

నవంబరులో బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్ నుంచి 143(1) ఇంటిమేషన్ వచ్చింది. అందులో ఆమె కట్టిన పన్ను గడిలో సున్నా. పైగా 67,830 రూపాయలు కట్టమని డిమాండు.

ఆమె కట్టలేదా? కట్టింది. అయితే చలానా నింపేటప్పుడు అసెస్‌మెంట్ ఇయర్ దగ్గర 2024-25 ఎంచుకుంది. ఆదాయం వచ్చింది 2024-25లో గనుక అదే సరైనదనుకుంది. కానీ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఆదాయం వచ్చిన ఏడాదికీ, దాన్ని లెక్కగట్టే ఏడాదికీ వేర్వేరు పేర్లున్నాయి. 2024-25 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. ఆమె కట్టిన డబ్బు అంతకు ముందటి ఏడాది పద్దులో పడి కూర్చుంది. ఆ ఏడాది రిటర్ను ఎప్పుడో ముగిసిపోయింది, అక్కడ ఈ డబ్బుతో ఎవరికీ పని లేదు.

రిటర్నులో చలానా నంబరు సరిగ్గానే రాసింది కదా, అది చూసైనా జమ చేయొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే చాలామంది పొరబడతారు. రిటర్నులో రాసేది మనం అడుగుతున్న జమ మాత్రమే. ప్రాసెసింగ్ సెంటర్ దాన్ని బ్యాంకు నుంచి వచ్చిన సమాచారంతో పోల్చి చూస్తుంది. పాన్, అసెస్‌మెంట్ ఇయర్, బ్యాంకు శాఖ బీఎస్ఆర్ కోడ్, తేదీ, చలానా వరుస సంఖ్య, మొత్తం అన్నీ కలవాలి. సంవత్సరం కలవకపోతే ఆ ఏడాది ఖాతాలో ఆ చలానా లేనట్టే లెక్క.

నిజానికి ఆ తప్పు రిటర్ను వేసిన రోజే బయటపడేది. సరైన ఏడాదికి కట్టిన పన్ను సాధారణంగా రిటర్నులో ముందే నింపి కనిపిస్తుంది, లేదా కొద్ది రోజుల్లో అక్కడికి చేరుతుంది. ఆమెకు కనిపించలేదు. ఇంకా ఎక్కలేదేమో అనుకుని వివరాలు తనే నింపింది. ఆ క్షణంలో ఏఐఎస్‌ను రెండు సంవత్సరాలకూ తెరిచి చూసి ఉంటే, ఒకదాంట్లో లేని 66,030 రెండోదాంట్లో కనిపించేది. రసీదు మీద కూడా సంవత్సరం అచ్చై ఉంటుంది. పోర్టల్‌లో e-Pay Tax కింద Payment History లోకి వెళ్తే ఆ రసీదు మళ్లీ దొరుకుతుంది.

అప్పుడే చూసుకుని ఉంటే పని ఎంత తేలికో చెప్పాలి. పోర్టల్‌లో Services కింద Challan Correction అనే సదుపాయం ఉంది. చలానాలో ఏది మార్చాలో ఎంచుకుని, చలానా వివరాలిచ్చి, సరైన సంవత్సరం చూపి, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరిస్తే అర్జీ వెళ్లిపోతుంది. ఆఫీసు గడప తొక్కనక్కరలేదు. కానీ దీనికి గడువు చాలా చిన్నది. సంవత్సరం మార్చాలంటే డబ్బు కట్టిన రోజు నుంచి 7 రోజులు. పన్ను రకాన్ని తెలిపే మేజర్ హెడ్, మైనర్ హెడ్ మార్చాలంటే 30 రోజులు. ఒక చలానాకు ఇలా ఒక్కసారే అడగగలరు. ఆ చలానా జమను అంతకు ముందే ఏ లెక్కలోనూ వాడుకుని ఉండకూడదు. 2020-21 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి కట్టిన ముందస్తు పన్ను, సెల్ఫ్ అసెస్‌మెంట్ పన్ను, డిమాండు చెల్లింపులకే ఈ దారి.

ఏడు రోజులంటే ఆమెకు ఆగస్టు 27. ఇంటిమేషన్ వచ్చింది నవంబరులో. తప్పు జరిగిందని మామూలు మనిషికి తెలిసేదే ఇంటిమేషన్ చూశాక. అది వచ్చేసరికి ఆన్‌లైన్ తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఇంత చిన్న గడువు పెట్టడం న్యాయం కాదు. కనీసం ఇంటిమేషన్ వచ్చాక కొన్ని వారాలైనా ఆ తలుపు తెరిచి ఉంచాల్సింది.

ఇక మిగిలింది అసెస్సింగ్ ఆఫీసరు. ఏ వార్డు ఆఫీసరు తన పాన్‌ను చూస్తారో పోర్టల్‌లో Know Your AO దగ్గర తెలుస్తుంది. ఆయనకు తెల్ల కాగితం మీద అర్జీ రాస్తే చాలు. అర్జీలో కథ కంటే వివరాలు ముఖ్యం. పాన్, చిరునామా, చలానా గుర్తింపు సంఖ్య (ఏడంకెల బీఎస్ఆర్ కోడ్, కట్టిన తేదీ, ఐదంకెల వరుస సంఖ్య), మొత్తం, ఇప్పుడు నమోదై ఉన్న సంవత్సరం, ఉండాల్సిన సంవత్సరం, మేజర్ హెడ్, మైనర్ హెడ్ రాయాలి. ఆ తర్వాత ఆఫీసరు ముందుగా వెతికే వాక్యం ఒకటుంది. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ రిటర్నులో ఈ చలానాకు జమ కోరలేదు, పొందలేదు అన్న మాట అది. ఒకే డబ్బు రెండు చోట్ల వాడకూడదన్నదే ఆయన చూసుకోవలసిన సంగతి. చలానా రసీదు, రెండు సంవత్సరాల ఏఐఎస్, ఇంటిమేషన్ నకళ్లు జత చేసి, అర్జీ రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. తర్వాత అడగడానికి ఆధారం ఆ ముద్రే.

ఈలోగా డిమాండు ఊరుకోదు. ఇంటిమేషన్‌ను డిమాండు నోటీసుగానే పరిగణిస్తారు. 30 రోజుల్లో కట్టకపోతే నెలకు 1 శాతం చొప్పున 220(2) కింద వడ్డీ మొదలవుతుంది. వేరే ఏడాదికి రావాల్సిన రిఫండు ఉంటే అందులోంచి కోసుకునే అధికారం కూడా శాఖకు ఉంది. అందుకే అర్జీ ఇచ్చిన వెంటనే పోర్టల్‌లో Response to Outstanding Demand తెరిచి, డిమాండుతో ఏకీభవించడం లేదని చెప్పి, చలానా వివరాలు అక్కడ కూడా పెట్టాలి. కంగారులో ‘డిమాండు సరైనదే’ అని నొక్కితే మళ్లీ కాదనే వీలుండదు. కొందరు భయపడి రెండోసారి కట్టేస్తారు కూడా. అప్పుడు మొదటి 66,030 పాత సంవత్సరంలోనే ఇరుక్కుంటుంది. ఆ ఏడాది రిటర్ను ముగిసింది కాబట్టి అది దానంతట అది తిరిగి రాదు.

మన ఉదాహరణలో ఆఫీసరు జనవరిలో సంవత్సరాన్ని సరిచేశారనుకుందాం. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ ఏఐఎస్‌లో 66,030 కనిపించింది. కథ ముగిసిందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు, డిమాండు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆఫీసరు మార్చింది చలానాను. పాత ఇంటిమేషన్‌ను మార్చలేదు. ఆమె మళ్లీ పోర్టల్‌లో 154 సెక్షన్ కింద రెక్టిఫికేషన్ అడగాలి. రిటర్నులో తప్పేమీ లేదు కనుక ‘రిటర్నును మళ్లీ ప్రాసెస్ చేయండి’ అన్న ఎంపిక చాలు. చలానా ఏఐఎస్‌లో మారకముందే ఇది పంపితే పాత సున్నాయే మళ్లీ వస్తుంది.

డిమాండులోని 67,830 లెక్క కూడా ఒకసారి విప్పి చూడాలి. 60,000 పన్ను, 3,030 రూపాయల 234సి వడ్డీ, 4,800 రూపాయల 234బి వడ్డీ. ఆమె ఐదు నెలలకు లెక్కగట్టి 3,000 కట్టింది. ప్రాసెసింగ్ సెంటర్ దృష్టిలో ఆమె ఏమీ కట్టలేదు కనుక ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలలకు 1 శాతం చొప్పున వేసింది. చలానా సరిచేసినప్పుడు మారేది సంవత్సరం ఒక్కటే, కట్టిన తేదీ మారదు. డబ్బు ఖజానాకు చేరింది ఆగస్టు 20నే కాబట్టి వడ్డీ అక్కడే ఆగాలి. రెక్టిఫికేషన్ ఉత్తర్వులో 234బి కింద 3,000, చెల్లించాల్సింది సున్నా అని ఉంటే లెక్క సరిపోయినట్టు. 4,800 అలాగే ఉంటే మళ్లీ అడగాలి.

ఇదే తరహాలో పన్ను రకం దగ్గర జరిగే తప్పు ఇంకోటి. వ్యక్తులు కట్టే ఆదాయపు పన్నుకు మేజర్ హెడ్ 0021, కంపెనీలకు 0020. మైనర్ హెడ్‌లలో ముందస్తు పన్నుకు 100, రిటర్నుకు ముందు కట్టేదానికి 300, శాఖ అడిగిన డిమాండుకు 400. డిమాండు వచ్చినవాళ్లు అలవాటుగా 300 కింద కట్టేస్తే డబ్బు సరైన ఏడాదిలోనే ఉన్నా డిమాండు తీరదు. ఎందుకంటే 400 చెల్లింపు ఫలానా డిమాండు నంబరుకు ముడిపడి వెళ్తుంది, 300కు ఆ ముడి లేదు. దీనికి ఆన్‌లైన్‌లో 30 రోజుల గడువుంది గనుక చాలామంది సమయానికే పట్టుకోగలరు. వేరొకరి పాన్ మీద కట్టేస్తే మాత్రం పోర్టల్ సదుపాయం పనికిరాదు, ఆఫీసరు దగ్గరికే వెళ్లాలి. ఆ పాన్ ఎవరిదో వారి అంగీకార పత్రం కూడా అడగడం మామూలు.

ఆఫీసరు నెలల తరబడి పట్టించుకోకపోతే పోర్టల్‌లో Grievances కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు. కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్‌లోనూ వేయొచ్చు. ముద్ర పడిన అర్జీ ప్రతి అక్కడ పనికొస్తుంది.

2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చే చట్టం. అందులో అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాటే లేదు. ఆదాయం వచ్చే ఏడాదినే టాక్స్ ఇయర్ అంటారు. ముందుముందు ఈ గందరగోళం తగ్గాలి. కానీ మార్పు జరిగే ఏడాదిలో మాత్రం ఒకే అంకెలు రెండు అర్థాల్లో నిలుస్తాయి. విజయవాడ ఉద్యోగిని 2026 జూన్‌లో ఆ ఏడాది అద్దెకు ముందస్తు పన్ను కడితే అది టాక్స్ ఇయర్ 2026-27. నెల తిరక్కుండా జులైలో గత ఏడాది అద్దెకు మిగిలిన పన్ను కడితే అది పాత చట్టం కింద అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. రెండు రసీదుల మీదా 2026-27 అనే ఉంటుంది, ఒకటి ఈ ఏడాది అద్దెకు, ఇంకోటి నిరుటి అద్దెకు.