ఇంటర్వ్యూ ముగిశాక పంపే మెయిల్

ఇంటర్వ్యూ చేసినవారికి అభ్యర్థి పంపే కృతజ్ఞతల మెయిల్ అదే రోజు సాయంత్రం గానీ, మర్నాటి లోపు గానీ చేరాలి. ఆలస్యమైతే నిర్ణయం జరిగిపోయాక అందవచ్చు. "సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు, ఈ ఉద్యోగానికి నేను తగినవాడినని నమ్ముతున్నాను" అని మాత్రమే రాస్తే అది ఎవరైనా ఎవరికైనా పంపగల ఉత్తరం. ఒకే రోజు ఐదారుగురిని చూసిన మేనేజరుకు దాన్ని చదివితే మనిషి గుర్తు రాడు. మాట్లాడుకున్న విషయం ఒక్కటి ఎత్తితే గుర్తొస్తాడు.

ఆ ఒక్కటి ఏది? అభ్యర్థి బాగా చెప్పానని మురిసిపోయిన జవాబు కాదు, ఎదుటివారు ఆగి మరో ప్రశ్న వేసిన చోటు. వారి అవసరం అక్కడే ఉంటుంది. బయటికి రాగానే అలాంటి రెండు మూడు విషయాలు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. రాత్రికి మాటలు కలిసిపోతాయి.

జీడిమెట్లలోని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం ఉద్యోగమనుకుందాం. బ్యాచ్ రికార్డుల్లో సంతకాలు, సమయాలు వదిలేయడం వల్ల సరుకు విడుదల ఆలస్యమవుతోందని మేనేజరు అన్నారు. ఇలాంటి మెయిళ్లు మన దగ్గర ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళ్తాయి, సారాంశం మాత్రం ఇలా ఉండాలి:

"నమస్కారం సార్. ఈరోజు నాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు. బ్యాచ్ రికార్డుల్లో ఖాళీలు చివర్లో బయటపడుతున్నాయని మీరు చెప్పిన విషయం గురించి ఆలోచించాను. ప్రస్తుతం నేను పనిచేసే చోట షిఫ్టు ముగిసేలోపే రికార్డు చూసే బాధ్యత నాది. తప్పు రాసినవారు అక్కడే ఉంటారు కాబట్టి వెంటనే సరిదిద్దగలుగుతున్నాం. మీ విభాగంలోనూ ఇదే పని చేయాలని ఆసక్తిగా ఉంది."

ఇందులో "నేను సమర్థుడిని" అన్న మాట లేదు. చేస్తున్న పని చెప్పడంతో అర్హత దానంతటదే తెలుస్తోంది. "మీ పద్ధతి ఇలా మార్చండి" అన్న సలహా కూడా లేదు. ఒక గంట చూసి పరిష్కారం చెప్పడం అహంకారంగా కనిపిస్తుంది. రాసిన ప్రతి మాటనూ తర్వాతి రౌండులో అడిగితే నిరూపించగలగాలి. జీతం ప్రస్తావన ఇక్కడ వద్దు. కంపెనీ లోపలి ఇబ్బంది కాబట్టి ఆ సంగతి చెప్పినవారికి తప్ప ఇతరులకు కాపీ పెట్టకూడదు.

ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తే ముగ్గురికీ వేర్వేరుగా, ఎవరితో మాట్లాడిన విషయం వారికి రాయాలి. ఒకే మెయిల్‌లో పేర్లు మార్చి పంపితే, వారు ఒకరికొకరు చూపించుకున్నప్పుడు దొరికిపోతుంది. చిరునామా తెలియకపోతే ఇంటర్వ్యూకు పిలిచిన హెచ్.ఆర్. మెయిల్‌కే జవాబిచ్చి, అందజేయమని కోరవచ్చు.

సరిగా జరగని ఇంటర్వ్యూను ఈ మెయిల్ గట్టెక్కించలేదు. ఇద్దరు అభ్యర్థులు సమానంగా ఉన్నప్పుడే దీనికి విలువ. పబ్లిక్ సర్వీస్ కమిషన్ల ఇంటర్వ్యూలకు మాత్రం ఇది అసలు పనికిరాదు. అక్కడ బోర్డు సభ్యులను సంప్రదించడాన్ని సిఫారసు ప్రయత్నంగా భావించి అభ్యర్థిత్వాన్నే రద్దు చేయవచ్చు.