స్టాఫ్ నర్సు నుంచి హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌కు: 5 ఏళ్ల ప్లాన్

నంద్యాల, ఆళ్లగడ్డ ఆసుపత్రుల్లో మన అమ్మాయిలు చాలామంది నర్సులుగా చేస్తున్నారు. కొన్నేళ్లు నైట్ డ్యూటీలు చేశాక "ఆఫీసు వైపు వెళ్లగలమా?" అని అడుగుతారు. వెళ్లొచ్చు. కాకపోతే ఒక అడ్డంకి ముందే తెలుసుకోవాలి.

జి.ఎన్.ఎం. డిప్లొమా మాత్రమే, డిగ్రీ కాదు. ఎంబీఏకి డిగ్రీ కావాలి. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు, వాళ్లు నేరుగా ఎంబీఏకి వెళ్లొచ్చు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలలోని ఓ ప్రైవేటు ఆసుపత్రికి వచ్చే జి.ఎన్.ఎం. నర్సును ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు రెండు దారులున్నాయి. పోస్ట్ బేసిక్ బీఎస్సీ 2 ఏళ్లు, కానీ రోజూ కాలేజీకి వెళ్లాలి, జీతం ఆగిపోతుంది. రెండోది, ఉద్యోగం చేస్తూనే ఇగ్నో లాంటి చోట దూరవిద్యలో బి.కాం. 3 ఏళ్లు, ఆ తర్వాత ఎంబీఏ 2 ఏళ్లు. మొత్తం 5 ఏళ్లు. నర్సింగ్ సూపరింటెండెంట్ కావాలంటే మొదటి దారే మేలు. ఆఫీసు పనికైతే రెండోది సరిపోతుంది.

చదువుతోపాటు ఆసుపత్రిలో పని కూడా మారాలి. మొదటి ఏడాది ఎక్సెల్ నేర్చుకోవాలి. రెండో ఏడాది ఇన్ఫెక్షన్ కంట్రోల్ రిజిస్టర్లు, ఎన్.ఎ.బి.హెచ్. కాగితాల పని అడిగి తీసుకోవాలి. మూడో ఏడాది ఇన్సూరెన్స్, ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌కు మారాలి. కేస్ షీట్‌లో ఒక నోట్ తక్కువైనా క్లెయిమ్ ఆగిపోవచ్చు. ఏ నోట్ లేదో నర్సు చూడగానే చెబుతుంది, మామూలు గుమాస్తా చెప్పలేడు. ఆమె బలం అదే. నాలుగు, ఐదో ఏళ్లలో ఎంబీఏ చదువుతూ అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటర్ పోస్టుకు అప్లై చేయాలి.

దెబ్బ తినేది మూడు చోట్ల. ఒకటి, గుర్తింపు లేని డిప్లొమాలు. ఫీజు కట్టేముందు ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ ఏడాదికి deb.ugc.ac.in లిస్టులో ఉన్నాయో లేదో చూడండి. కోర్సు పేరులో 'హాస్పిటల్' అని లేకపోయినా మామూలు ఎంబీఏ పనికొస్తుంది. రెండు, డెస్క్ పని చేయించుకుని ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో 'స్టాఫ్ నర్స్' అనే రాసివ్వడం. డ్యూటీ మారిన రోజే ఆర్డర్ కాగితం అడగండి. మూడు, మూడో ఏడాది చివరికి కూడా డ్యూటీ చార్టులో వార్డు నైట్లే ఉంటే ఆ ఆసుపత్రి మిమ్మల్ని మార్చదని అర్థం. ఇంకో ఆసుపత్రి చూసుకోవాల్సిందే.

సర్కారు ఆసుపత్రుల సంగతి వేరు. అక్కడ సూపరింటెండెంట్ డాక్టరే అవుతారు. నర్సుకు హెడ్ నర్స్, నర్సింగ్ సూపరింటెండెంట్ వరకే దారి. కాబట్టి ఈ ప్లాన్ ప్రైవేటు ఆసుపత్రులకే. ఆఫీసుకు మారినా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ మాత్రం వదలొద్దు. అవసరమైతే తిరిగి వార్డుకు వెళ్లే దారి అదొక్కటే.