లాప్‌టాప్‌కి వచ్చే నెట్ రౌటర్‌కి ఎందుకు రాదు?

కొత్త రౌటర్ తెచ్చి, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరును దాని వెనక ఉన్న వాన్ పోర్టులో పెడతాం. లైట్లు వెలుగుతాయి. ఫోన్ వైఫైకి కనెక్టవుతుంది, కానీ ఇంటర్నెట్ లేదంటుంది. రౌటర్ పేజీ తెరిస్తే ఐపీ అడ్రస్ ఉండాల్సిన చోట 0.0.0.0 అని ఉంటుంది. విచిత్రమేమిటంటే, అదే వైరును పీకి లాప్‌టాప్‌కి పెడితే వెంటనే నెట్ వచ్చేస్తుంది. దాంతో రౌటరే పాడైందనుకుని షాపుకెళ్లి మార్చుకొస్తారు. మార్చి తెచ్చినదీ అలాగే మొండికేస్తుంది.

చాలా సందర్భాల్లో ఆ రౌటర్‌లో ఏ లోపమూ ఉండదు. అవతల కనెక్షన్ ఇచ్చినవాళ్ల సర్వర్‌లో ఒక పరికరం నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు నుంచి అడిగితేనే అది అడ్రస్ ఇస్తుంది. రౌటర్ నంబరు అందులో లేదు, కాబట్టి ఎన్నిసార్లు అడిగినా జవాబు రాదు.

ఆ నంబరును మ్యాక్ అడ్రస్ అంటారు. నెట్‌వర్క్‌కి కనెక్టయ్యే ప్రతి కార్డుకీ తయారీలోనే ఒకటి పెడతారు. అంకెలూ, A నుంచి F దాకా అక్షరాలూ కలిసి మొత్తం 12 ఉంటాయి. మొదటి ఆరు తయారుచేసిన కంపెనీని చెబుతాయి, మిగతా ఆరు ఆ కార్డును చెబుతాయి. లాప్‌టాప్‌లో వైరు పెట్టే పోర్టుకి ఒక మ్యాక్, వైఫైకి ఇంకొక మ్యాక్ ఉంటాయన్నది గుర్తుపెట్టుకోవాలి. ఈ వ్యవహారంలో ఎక్కువమంది బోల్తాపడేది అక్కడే.

వైరు పెట్టగానే జరిగేది ఇది. ఇంకా ఐపీ అడ్రస్ లేని పరికరం "నాకు అడ్రస్ ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా?" అని లైనులో ఉన్న అందరికీ వినిపించేలా అడుగుతుంది. ఆ అడగడంలోనే తన మ్యాక్ కూడా చెబుతుంది. సర్వర్ "ఇదిగో, ఈ అడ్రస్ తీసుకో" అంటుంది. పరికరం "సరే, అదే ఇవ్వు" అంటుంది. సర్వర్ ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటల పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఇప్పటికీ వాడుతున్న దాని నిబంధనలు 1997లో వచ్చాయి. అడిగినవాడి మ్యాక్ తన జాబితాలో లేకపోతే ఏం చెయ్యాలన్నది సర్వర్ నడిపేవాళ్ల ఇష్టం. తెలియని పరికరాలకు అసలు జవాబే ఇవ్వొద్దని పెట్టుకోవచ్చు. అప్పుడు తప్పు ఏమిటో చెప్పే సందేశం కూడా రౌటర్‌కి అందదు. అది అడుగుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద 0.0.0.0 అలాగే ఉంటుంది. ఇంత చిన్న సంగతి మనుషుల్ని ఇంతగా తిప్పలు పెట్టడానికి కారణం ఈ మౌనమే.

కనెక్షన్ ఇచ్చేవాళ్లు ఇలా ఎందుకు చేస్తారు? ఒక కనెక్షన్‌కి ఒక్క కంప్యూటర్ అని లెక్కగట్టి డబ్బు తీసుకున్న రోజుల్లో మొదలైన అలవాటు ఇది. ఇప్పుడు దానికి ఇంకో ప్రయోజనం ఉంది. అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర స్విచ్ బాక్స్ పెట్టి, అక్కడి నుంచి ఇంటింటికీ వైర్లు లాగే చోట, డబ్బు కట్టనివాళ్లెవరైనా ఖాళీ పోర్టులో వైరు పెట్టుకుంటే నెట్ రాకుండా ఇది ఆపుతుంది. లోకల్ కేబుల్ వాళ్లు దీన్ని మ్యాక్ బైండింగ్ అంటారు. హాస్టళ్లలోనూ, యూనివర్సిటీ క్యాంపస్‌లలోనూ కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే, పై ఫ్లాట్‌లో ఉండే టీచర్ గారికి ఇది ఎదురైంది. కనెక్షన్ ఇచ్చిన రోజు ఆవిడ ఇంట్లో ఉన్నది లాప్‌టాప్ ఒక్కటే. వచ్చిన కుర్రాడు వైరు దానికే పెట్టి, నెట్ వచ్చేలా చేసి వెళ్లాడు. కొన్నాళ్లకు పిల్లల ఫోన్ల కోసం రౌటర్ కొన్నారు. నెట్ రాలేదు. ఫోన్ చేస్తే ఆ కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మేడమ్, మీది లాప్‌టాప్ మీద రిజిస్టర్ అయ్యింది కదా, రౌటర్‌కి రాదు. మ్యాక్ క్లోన్ చేసుకోండి." ఆవిడ నా దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, క్లోన్ అంటే ఏం చెయ్యాలి?" అని అడిగారు.

ముందు చేసింది రోగం అదేనా కాదా అని తేల్చుకోవడం. వైరును నేరుగా లాప్‌టాప్‌కి పెట్టి, వైఫై ఆపేశాం. నెట్ వచ్చింది. అంటే లైను బాగుంది, బిల్లు కట్టే ఉంది. వైరును రౌటర్ వాన్ పోర్టుకి మార్చాం. దాని లైటు వెలిగింది, అంటే వైరు సరిగ్గానే కూర్చుంది. అయినా అడ్రస్ రాలేదు. వైరు ఒకటే, లైను ఒకటే, ఒక పరికరానికి వచ్చి ఇంకోదానికి రాలేదు. ఈ రెండూ చూశాకే మ్యాక్ మీద అనుమానపడాలి. లాప్‌టాప్‌కి కూడా రాకపోతే లోపం లైనులోనో వాళ్ల సర్వర్‌లోనో ఉన్నట్టు. అలాంటప్పుడు విండోస్ తనంతట తాను 169.254తో మొదలయ్యే ఒక అడ్రస్ పెట్టుకుంటుంది. అది ఎవరూ ఇచ్చిన అడ్రస్ కాదు, దాంతో నెట్ నడవదు. లాప్‌టాప్‌లో నెట్ నడవాలంటే ముందు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తుంటే అది వేరే సంగతి. ఆ వివరాలు రౌటర్‌లో పెట్టాలి, క్లోన్ ఒక్కటే చాలదు.

తర్వాత రిజిస్టర్ అయిన నంబరు కావాలి. వైరు లాప్‌టాప్‌కే ఉండగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టాం:

```
ipconfig /all
```

అందులో చాలా వివరాలు వరసగా వస్తాయి. మనకు కావల్సింది Ethernet adapter అనే శీర్షిక కింద ఉన్నది మాత్రమే. అక్కడ Physical Address ఎదురుగా ఇలా ఉంటుంది (ఇక్కడ ఇచ్చింది ఉదాహరణ నంబరు):

```
Physical Address. . . . : 00-00-5E-00-53-1A
```

దీన్ని కాగితం మీద రాసుకున్నాం. ఆ కిందనే Wireless LAN adapter అని ఇంకో భాగం, దానికి ఇంకో నంబరు ఉంటాయి. అది మనకు వద్దు.

ఇప్పుడు వైరును మళ్లీ రౌటర్ వాన్ పోర్టులో పెట్టి, లాప్‌టాప్‌ను ఇంకో వైరుతో రౌటర్ ల్యాన్ పోర్టుకి కలిపాం. బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరిచాం. దాని అడ్రస్ చాలా రౌటర్లలో 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది, రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. ఇంటర్నెట్ సెట్టింగుల్లో MAC Clone అనే చోటు ఉంటుంది. అక్కడ మామూలుగా మూడు దారులు కనిపిస్తాయి: రౌటర్ సొంత నంబరునే ఉంచుకోవడం, ఇప్పుడు ఈ పేజీ తెరిచిన పరికరం నంబరును తీసుకోవడం, మనమే ఒక నంబరు టైపు చెయ్యడం. టీచర్ గారి చేత మూడోదే ఎంచుకోమని చెప్పి, కాగితం మీది నంబరు కొట్టించాను. విండోస్ మధ్యలో గీతలు పెడుతుంది, కొన్ని రౌటర్లు వాటి బదులు కోలన్లు అడుగుతాయి. సేవ్ చేసి, రౌటర్ ఒకసారి ఆపి వేశాం. 0.0.0.0 ఉన్న చోట అసలు అడ్రస్ వచ్చింది, ఇంట్లో ఫోన్లన్నిటికీ నెట్ అందింది.

రెండో దారి సులువు కదా, ఒక్క నొక్కుతో అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ పేజీని ఫోన్‌లోనో, వైఫైతో కలిసిన లాప్‌టాప్‌లోనో తెరిచి ఆ బటన్ నొక్కితే రౌటర్ తీసుకునేది వైఫై నంబరు. సర్వర్ జాబితాలో ఉన్నది వైరు పోర్టు నంబరు. క్లోన్ చేశాం అయినా రాలేదు అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. ఇప్పటి ఫోన్లతో ఇంకో చిక్కుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు వైఫైలో తమ అసలు మ్యాక్ దాచి, కల్పించిన నంబరు చెబుతున్నాయి. మనిషి ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో ఎవరూ జాడ తియ్యకుండా ఇది మంచి ఏర్పాటు, కానీ క్లోన్‌కి ఎందుకూ పనికిరాదు. దాన్ని కనిపెట్టడానికి ఒక గుర్తుంది: మ్యాక్‌లో ఎడమ నుంచి రెండో స్థానం చూడండి. అక్కడ 2, 6, A, E లలో ఏదైనా ఉంటే అది కంపెనీ పెట్టిన నంబరు కాదు, పరికరం తనంతట తాను పెట్టుకున్నది. రాసుకున్న నంబరు DA-31 తో మొదలైతే, దాన్ని పక్కన పెట్టి మళ్లీ వైరు పోర్టు దగ్గర చూడాల్సిందే.

"మరి లాప్‌టాప్‌కీ రౌటర్‌కీ ఒకే నంబరు ఉంటే గొడవ కాదా?" అని టీచర్ గారు అడిగారు. చాలా మంచి ప్రశ్న. మ్యాక్ అడ్రస్ పనిచేసేది ఒకే నెట్‌వర్క్ ముక్క లోపలే. కొత్త నంబరు రౌటర్ బయటి వైపుకే పడింది, లాప్‌టాప్ ఉన్నది లోపలి వైపు. మధ్యలో రౌటర్ అడ్డుగా ఉంది కాబట్టి ఆ రెండు నంబర్లు ఎప్పుడూ ఎదురుపడవు. అదే లాప్‌టాప్‌ను, రౌటర్ నడుస్తుండగా, మెట్ల దగ్గరి స్విచ్‌లో ఇంకో పోర్టుకి కలిపితే మాత్రం గొడవే. ఏ నంబరు ఏ పోర్టులో ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది. ఒకే నంబరు రెండు చోట్ల వినిపిస్తే దాని గుర్తు అటూ ఇటూ మారుతూ ఉంటుంది, రెండు పరికరాలకూ నెట్ తెగుతూ వస్తూ ఉంటుంది. పక్కింటివాళ్ల నంబరు పెట్టుకుంటే జరిగేదీ అదే. పైగా అది వాళ్ల కనెక్షన్ దొంగిలించడం. క్లోన్ చెయ్యాల్సింది మన పేరు మీద రిజిస్టరైన మన పరికరం నంబరునే.

అమెరికా వంటి చోట్ల, టీవీ కేబుల్ మీదే మోడెం ద్వారా నెట్ తీసుకునే ఇళ్లలో, ఇదే లక్షణం ఇంకో కారణంతో కనిపిస్తుంది. అక్కడి మన వాళ్లకు ఇది పనికొస్తుంది. ఆ మోడెం కరెంటు వేశాక తనకు మొదట తగిలిన పరికరం మ్యాక్‌ను గుర్తుపెట్టుకుంటుంది. ఒక్క పరికరానికే అనుమతి ఉంటే తర్వాత పెట్టిన రౌటర్‌ను పట్టించుకోదు. అక్కడ క్లోన్‌తో పని లేదు. మోడెంను కరెంటు నుంచి పీకి, రౌటర్ వైరు పెట్టి, మళ్లీ వేస్తే చాలు. మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఫైబర్ కనెక్షన్లలో సాధారణంగా కంపెనీ పెట్టే బాక్స్ సీరియల్ నంబరో, యూజర్ నేమ్, పాస్‌వర్డో చూస్తారు. కాబట్టి ఫైబర్ ఉన్న ఇంట్లో అడ్రస్ రాకపోతే ముందు వాటి సంగతి చూడాలి.

క్లోన్ చేసిన నంబరు రౌటర్ సెట్టింగుల్లో ఉంటుంది, కరెంటు పోయినా చెరిగిపోదు. కానీ రీసెట్ బటన్ నొక్కి పట్టుకుంటే సెట్టింగులన్నిటితో పాటు అదీ పోతుంది. రౌటర్ మార్చినా మళ్లీ కొట్టాల్సిందే. ఈలోగా ఆ పాత లాప్‌టాప్‌ను అమ్మేస్తే నంబరు చూసుకోవడానికి కూడా ఉండదు. అందుకే టీచర్ గారికి రెండు పనులు చెప్పాను. ఒకటి, ఆ కాగితాన్ని ఫొటో తీసి దాచుకోమన్నాను. రెండోది ఇంకా మేలైనది: కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేసి, లాప్‌టాప్ నంబరు తీసేసి రౌటర్ వాన్ పోర్టు సొంత మ్యాక్‌ను రిజిస్టర్ చెయ్యమనడం. వాళ్లు మార్చాక రౌటర్‌లో క్లోన్ తీసేసి, దాని సొంత నంబరుకే తిప్పాలి. ఈ రెండూ ఒకే పూట జరగాలి. వాళ్లు అక్కడ మార్చి మనం ఇక్కడ మార్చకపోతే, మళ్లీ 0.0.0.0 కనిపిస్తుంది.