తరచూ వచ్చే ఒక్కరోజు సెలవు

ఉదయం 5.40 గంటలకు ఫోను మోగింది. "ఆపా, తల పగిలిపోతోంది. ఈ రోజు రాలేను." ఆరు గంటలకల్లా పరగడుపు రక్త పరీక్షల కోసం రోగులు వచ్చి కూర్చుంటారు. మా చిన్న ల్యాబులో టెక్నీషియన్లు ఆరుగురే. వారి బాధ్యత చూసే నాకు ఆ సోదరి నుండి అలాంటి ఫోను రావడం ఏడాదిలో అది ఏడోసారి. "మళ్ళీనా?" అన్న మాట పెదవుల దాకా వచ్చి ఆగింది.

ఆ రోజు సాయంత్రం హాజరు పట్టీ ముందేసుకుని కూర్చున్నాను. పన్నెండు నెలల్లో ఏడు విడతలు, మొత్తం తొమ్మిది రోజులు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) ఏడాదికి 12 రోజుల వరకు వేతనంతో కూడిన అనారోగ్య సెలవుకు వీలు కల్పిస్తోంది. కనుక ఆమె హద్దు దాటలేదు. చిక్కంతా రోజుల సంఖ్యలో లేదు, చెప్పాపెట్టకుండా పడే ఖాళీలో ఉంది.

బ్రిటన్‌లో అనేక సంస్థలు దీనిని 'బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టర్' అనే లెక్కతో కొలుస్తాయి. ఏడాదిలోని విడతల సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని మొత్తం రోజులతో గుణిస్తారు. మా సోదరికి 7×7×9, అంటే 441. శస్త్రచికిత్స కోసం ఒకే విడతలో 20 రోజులు సెలవు పెట్టిన మరో ఉద్యోగికి 1×1×20, అంటే 20 మాత్రమే. చిన్న చిన్న సెలవులు పనిని ఎంతగా చెదరగొడతాయో ఈ లెక్క చూపుతుంది. అయితే పార్శ్వపు తలనొప్పి, ఉబ్బసం వంటివి వచ్చిపోయే జబ్బులు. వాటితో బాధపడే మనిషికి, సోమరికి ఒకే అంకె రావచ్చు. కాబట్టి ఆ అంకెను "కారణం అడగవలసిన సమయం వచ్చింది" అనే సూచనగానే చూడాలి. దానిని తీర్పుగా తీసుకుంటే అన్యాయమవుతుంది.

తేదీలను పని వేళల పట్టికతో పోల్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. రెండు విడతలు రెండేసి రోజుల జ్వరం. మిగిలిన అయిదు ఒక్కరోజు సెలవులూ రాత్రి పది గంటలకు డ్యూటీ దిగి, మరునాడు ఉదయం ఆరింటికే ఎక్కవలసిన రోజుల్లో వచ్చినవి. ఆ పట్టిక వేసింది నేనే!

ఆమె తిరిగి వచ్చిన రోజున పది నిమిషాలు విడిగా మాట్లాడాను. సెలవు నుండి వచ్చిన ప్రతి ఒక్కరితో ఇలా మాట్లాడటం అప్పటినుండి నియమంగా పెట్టుకున్నాము. అందరికీ వర్తించేదైతే ఎవరికీ అది విచారణలా అనిపించదు. "ఇప్పుడెలా ఉంది? పనిలో ఏదైనా దీనిని పెంచుతోందా? మేము మార్చగలిగింది ఏమైనా ఉందా?" అని మూడే ప్రశ్నలు అడిగాను. జబ్బు పేరు అడగలేదు. తానే చెప్పింది: "నిద్ర తక్కువైతే పార్శ్వపు నొప్పి వస్తుంది ఆపా. చెబితే పనికి పనికిరానని అనుకుంటారేమోనని భయపడ్డాను."

నాలుగు విషయాలు కాగితం మీద రాసుకున్నాము. రాత్రి డ్యూటీ తర్వాత ఉదయం డ్యూటీ వేయకూడదు. నొప్పి మొదలయ్యే సూచన కనిపిస్తే ఆమె ముందురోజు రాత్రే తెలియజేయాలి. దుకాణంలో మాత్రలు కొని సరిపెట్టుకోకుండా వైద్యుడిని సంప్రదించాలి. ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ కూర్చుని చూసుకోవాలి.

ఇంతటితో న్యాయం పూర్తి కాదు. ఆమె రాని రోజుల్లో భారం మోసినవారూ ఉన్నారు. "తనకొక్కదానికే సౌకర్యమా?" అన్న గుసగుస వినిపించింది. ఆమె ఆరోగ్య విషయం వారికి చెప్పే హక్కు నాకు లేదు. అందుకే రాత్రి తర్వాత ఉదయం వేయకూడదన్న నియమాన్ని ఆరుగురికీ వర్తింపజేశాను. అకస్మాత్తుగా వచ్చి పనిచేసినవారికి ఆ వారంలోనే బదులు సెలవు ఇచ్చాను. గుసగుస సద్దుమణిగింది.

ఆ ఎనిమిది వారాల్లో ఆమె ఒక్కసారే రాలేదు. ఆ కబురు ముందురోజు రాత్రి తొమ్మిదింటికే అందింది.

ప్రతి కథా ఇలాగే ముగుస్తుందని కాదు. మార్పులు చేసినా సెలవులు తగ్గకపోతే, ఉద్యోగి అంగీకారంతో, ఏ పని చేయగలరో, ఎలాంటి వెసులుబాటు అవసరమో మాత్రం వైద్యుడి నుండి రాయించి తెమ్మనవచ్చు. రోగ నివేదికలు అడగనక్కరలేదు. సెలవు అబద్ధమన్న ఆధారం దొరికితే అది క్రమశిక్షణకు సంబంధించిన వేరే విషయం. దానికి లిఖితపూర్వక నోటీసు, సమాధానం చెప్పుకునే అవకాశం ఉండాలి. అనారోగ్యాన్ని, అబద్ధాన్ని ఒకే గాటన కడితే నిజంగా జబ్బుపడినవారు కూడా దాచుకోవడం మొదలుపెడతారు. దాచుకున్న జబ్బు మళ్ళీ ఉదయం 5.40కే ఫోను చేస్తుంది.