నమస్తే సార్... ఇంతకీ ఏ సెక్షన్ బాబూ?

పీరియడ్ మారే ఆ ఐదు నిమిషాల్లో ఇంజనీరింగ్ కాలేజీ కారిడార్ సంతలా ఉంటుంది. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో అటెండెన్స్ రిజిస్టరు, వేళ్ల మధ్య రెండు మార్కర్లతో లెక్చరర్ పై అంతస్తుకు పరుగు పెడుతుంటారు. ఎదురొచ్చిన ప్రతి గుంపూ ‘గుడ్ మార్నింగ్ సార్’ అంటుంది. ఆయన తలాడిస్తూ సాగిపోతారు. ఇక్కడ మర్యాదకు కావలసింది చాలా కొంచెం: చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే తీయాలి, పక్కకు జరిగి దారివ్వాలి, ముఖంలోకి చూసి ‘నమస్తే సార్’ అనాలి. ఆ మాట ఆయనకు వినబడితే చాలు, అంతస్తు మొత్తానికీ వినిపించక్కర్లేదు. గంట తర్వాత అదే మేడమ్ మళ్లీ ఎదురైతే చిన్న చిరునవ్వు సరిపోతుంది. ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే చేతులు జోడిస్తే చాలు. పాదాభివందనాలు మాత్రం ఫేర్‌వెల్ రోజుకు అట్టేపెట్టుకోవడం మంచిది. ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కుతున్న మనిషి కాళ్ల దగ్గర హఠాత్తుగా వంగితే ఆశీర్వాదం కంటే ముందు ప్రమాదం వచ్చేలా ఉంటుంది.

అసలు చిక్కు నమస్కారంలో లేదు, దాని వెనకాలే తగిలించే పనిలో ఉంది. ‘నమస్తే సార్, నా ఇంటర్నల్ మార్కులు తక్కువ పడ్డాయి సార్’ అని మెట్ల మీదే మొదలుపెడితే ఆయన ‘సరే, చూద్దాం’ అంటారు. పై అంతస్తు చేరేలోపే మర్చిపోతారు. తప్పు ఆయనది కాదు. అదే విద్యార్థి ‘సార్, ఇంటర్నల్ మార్కుల గురించి ఒక చిన్న విషయం ఉంది. స్టాఫ్‌రూమ్‌కి ఎప్పుడు రమ్మంటారు?’ అని అడిగితే ‘లంచ్ తర్వాత రా’ అన్న కచ్చితమైన జవాబు దొరికే అవకాశం ఎక్కువ.

ఇదే సూత్రం ఆన్‌లైన్ క్లాసులో ఇంకో రూపంలో కనిపిస్తుంది. 2020 మార్చిలో కాలేజీలు మూతబడి పాఠాలు జూమ్‌లోకి, గూగుల్ మీట్‌లోకి మారినప్పుడు, తరగతిలో అలవాటైన బృందగానం అక్కడికీ వచ్చింది. అరవై మంది మైకులు తెరిచి ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ అంటే అవతల వినిపించేది గోలే. పది నిమిషాలు ఆలస్యంగా చేరినవాడు మైకు తెరిచి మరీ నమస్కారం పెడితే పాఠం మధ్యలో తెగుతుంది. క్లాసు మొదలు కాకముందే చేరినవాళ్లు నోటితో పలకరించవచ్చు, లేదా చాట్‌లో ఒక్కసారి రాయవచ్చు. ఆలస్యమైతే మైకు మూసి మౌనంగా చేరిపోవడమే మర్యాద. కారణం చెప్పాలనుకుంటే క్లాసు అయ్యాక చెప్పుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో టీచరుకు విద్యార్థి ముఖం కంటే ముందు కనిపించేది పేరు. అక్కడ ‘Redmi’ అనో, నాన్నగారి పేరో, ఏ హీరో అభిమానో అని ఉంటే హాజరు ఎవరికి వేయాలి? జూమ్‌లో Participants జాబితా తెరిచి, తన పేరు పక్కన Rename నొక్కి, రోల్ నంబరూ పేరూ రాసుకోవడానికి అర నిమిషం పట్టదు. గూగుల్ మీట్ అయితే లాగిన్ అయిన అకౌంట్‌లోని పేరునే చూపిస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్ల అకౌంట్‌తో కాకుండా సొంత అకౌంట్‌తో, వీలైతే కాలేజీ ఇచ్చినదానితో చేరాలి.

ఇక ఈమెయిల్. పలకరింపు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడో ఏడాది ఈసీఈ చదివే అబ్బాయి జ్వరం వల్ల మంగళవారం ల్యాబ్ ఇంటర్నల్ రాయలేకపోయాడు. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న మెయిల్ ఐడీ నుంచి, సబ్జెక్ట్ గడి ఖాళీగా వదిలేసి రాస్తాడు: ‘రెస్పెక్టెడ్ సార్, గుడ్ మార్నింగ్ సార్, నేను థర్డ్ ఇయర్ సార్, ల్యాబ్ మిస్ అయ్యాను సార్, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్ సార్.’ ఐదు సార్లు ‘సార్’ అన్నాడు గానీ తన పేరు ఒక్కసారీ రాయలేదు. నాలుగు సెక్షన్లకు ల్యాబ్ చూసే లెక్చరర్ ఏమని జవాబివ్వాలి? పైగా ఆ మెయిల్ చదివేది రాత్రి తొమ్మిదింటికి కావచ్చు. అప్పుడు ‘గుడ్ మార్నింగ్’ ఎవరికి?

అదే మెయిల్ సరిగ్గా రాస్తే సబ్జెక్ట్ గడిలోనే ‘ల్యాబ్ ఇంటర్నల్‌కు గైర్హాజరు, మళ్లీ రాసేందుకు అనుమతి’ అని ఉంటుంది. మొదటి వరుసలో ‘డియర్ సార్’ లేదా పేరుతో ‘డియర్ డాక్టర్ శ్రీనివాసరావు గారు’. రెస్పెక్టెడ్ అని రాసినా మన దగ్గర ఎవరూ తప్పుపట్టరు. ఆ వెంటనే పేరు, బ్రాంచి, సెక్షన్, హాల్‌టికెట్ నంబరు. జేఎన్టీయూ అనుబంధ కాలేజీల్లో ఆ నంబరే సగం జాతకం చెబుతుంది: మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, చివర్లో బ్రాంచి, వరుస సంఖ్య. బ్రాంచి స్థానంలో 04 ఉంటే ఈసీఈ, 05 అయితే సీఎస్ఈ. రిజిస్టరులో వెతకడానికి లెక్చరర్‌కు క్షణం చాలు. తర్వాత రెండు వాక్యాల్లో విషయం: ఏ రోజు, ఏ ల్యాబ్, ఎందుకు రాలేకపోయాడు, డాక్టరు చీటీ జతచేశాడా లేదా. చివర్లో అడగాల్సింది ఒక్కటే: మరో బ్యాచ్‌తో కలిసి రాయడానికి వీలవుతుందా? కింద మళ్లీ పూర్తి పేరు, ఫోన్ నంబరు.

పీహెచ్‌డీ ఉందో లేదో తెలియకుండా డాక్టర్ అని తగిలించడం ఇబ్బందికరం. ఉన్నవాళ్లకు తీసేయడం అంతకంటే ఇబ్బంది. కాలేజీ వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ పేజీ చూస్తే సందేహం తీరుతుంది. అక్కడ ‘ఎస్. లక్ష్మి’ అని కనిపిస్తే ‘డియర్ సార్’ రాయకూడదని వేరే చెప్పాలా? కానీ పాత మెయిల్ కాపీ కొట్టి పంపేవాళ్ల పుణ్యమా అని మేడమ్‌లకు అలాంటివి వస్తూనే ఉంటాయి. ఇలాంటి తొందరపాటుకు జీమెయిల్‌లో కొంత రక్షణ ఉంది. సెట్టింగ్స్‌లో Undo Send గడువును 30 సెకన్లకు పెంచుకుంటే, పంపాక కూడా ఆ కాస్త సమయంలో వెనక్కి లాక్కోవచ్చు.

అమెరికా యూనివర్సిటీకి రాసేటప్పుడు మన మర్యాదల్లో కొన్నింటిని పక్కన పెట్టాల్సి వస్తుంది. ‘రెస్పెక్టెడ్ సార్’ అక్కడ వింతగా వినిపిస్తుంది. ఆడవాళ్లకు వెళ్తే నొప్పిస్తుంది కూడా. రాబర్ట్ మిల్లర్ అనే అధ్యాపకుడు ఉన్నారనుకుందాం. మనకు శ్రీనివాసరావు గారిలా సొంత పేరుతో పిలవడం అలవాటు కాబట్టి చాలామంది ‘ప్రొఫెసర్ రాబర్ట్’ అని రాసేస్తారు. అక్కడ హోదా పక్కన నిలిచేది ఇంటిపేరు. అందుకే ‘డియర్ ప్రొఫెసర్ మిల్లర్’ అనాలి. అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌నీ ప్రొఫెసర్ అనే పిలుస్తారు కాబట్టి ర్యాంకు వెతుక్కునే పని లేదు. బ్రిటన్‌లో మాత్రం ప్రొఫెసర్ అన్నది పై హోదా. పీహెచ్‌డీ ఉన్న లెక్చరర్‌ను అక్కడ డాక్టర్ అనాలి. మహిళా అధ్యాపకులకు ‘మిసెస్’ అని రాయడం రెండు చోట్లా పొరపాటే. ఆవిడ పెళ్లితో ఆ మెయిల్‌కు సంబంధం లేదు.

కొన్నాళ్లకు ఆ ప్రొఫెసర్ జవాబు కింద ‘బాబ్’ అని సంతకం చేస్తారు. రాబర్ట్‌కు అది ముద్దుపేరు. హైదరాబాద్ నుంచి వెళ్లిన పిల్లలకు ఇక్కడ చెయ్యి ఆడదు: అయ్యవారిని పేరు పెట్టి ఎలా పిలవడం? సంతకం ఒక సూచనే తప్ప ఆజ్ఞ కాదు. ‘బాబ్ అని పిలువు’ అని ఆయన నోటితో చెప్పేవరకూ ప్రొఫెసర్ మిల్లర్ అనే కొనసాగించవచ్చు, ఎవరూ ఏమనుకోరు. సందేహం ఉంటే మొదటి వారంలోనే ‘మిమ్మల్ని ఎలా పిలవమంటారు?’ అని అడిగేయవచ్చు. అక్కడ అది మామూలు ప్రశ్నే.